మోకాళ్లు నొప్పి పెట్టేవారికి పరుగు మంచిదా, ఈత మంచిదా?

నలభై దాటినవారు గుండెకు, ఊపిరితిత్తులకు పని చెప్పే వ్యాయామం మొదలుపెట్టాలనుకున్నప్పుడు ముందుగా గుర్తుకొచ్చేది పరుగు. బూట్లుంటే చాలు, ఇంటి ముందున్న రోడ్డు మీదే మొదలుపెట్టవచ్చు. అయితే మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేసినట్లుండే వారికి, కింద కూర్చుని లేవడానికి చేతి ఆసరా వెతుక్కునే వారికి చాలామంది ఇచ్చే సలహా ఒక్కటే: ''పరుగు మానెయ్యండి, ఈత కొట్టండి.''

ఈ సలహాలో నిజం ఉంది. కానీ అది పూర్తి నిజం కాదు. పరుగు మోకాళ్లను అరగదీస్తుందన్న నమ్మకానికి పరిశోధనల నుంచి దొరికే మద్దతు చాలా తక్కువ. ఈత మోకాళ్లకు ఎప్పుడూ సురక్షితమేనన్న నమ్మకమూ సరైనది కాదు. ఈతలో ఒక పద్ధతి వల్ల ఆరోగ్యంగా ఉన్న క్రీడాకారులకే మోకాలి నొప్పి వస్తుంది. పెద్దవయసులో ఈత నేర్చుకునేవారిలో చాలామంది ఎంచుకునేది కూడా ఆ పద్ధతినే.

కాబట్టి 'పరుగా, ఈతా' అని తేల్చుకునే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మీ మోకాలు ఏ రకం భారాన్ని తట్టుకోలేకపోతోంది? ఆ భారం ఒక్కోరోజు దానిపై ఎన్నిసార్లు పడుతోంది?

పరుగెత్తినప్పుడు మోకాలిపై ఏం జరుగుతుంది?

నడిచేటప్పుడు రెండు పాదాల్లో ఒకటి ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో అలా కాదు. ప్రతి అడుగుకూ శరీరం క్షణంపాటు గాల్లోకి లేచి, తర్వాత ఒంటికాలిపై దిగుతుంది. ఆ సమయంలో నేల నుంచి పాదానికి ఎదురయ్యే బలం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. 72 కిలోల వ్యక్తి నెమ్మదిగా పరుగెత్తినా ఒక్కో అడుగులో కాలిపై దాదాపు 180 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పడుతుంది.

మోకాలి కీలు లోపల పడే ఒత్తిడి ఇంకా ఎక్కువ. శరీరం కుంగిపోకుండా ఆపేందుకు తొడ ముందుభాగంలోని కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. ఆ లాగుడు మోకాలి చిప్పను వెనుకనున్న తొడ ఎముకకు అదిమిపెడుతుంది. మోకాలు ఎంత ఎక్కువగా వంగి ఉంటే ఈ అదుముడు అంత పెరుగుతుంది. మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుని లేచినప్పుడు మోకాలి ముందుభాగంలో నొప్పి వచ్చేది ఇందుకే.

ఈ లెక్క వినగానే పరుగంటే భయం వేయడం సహజం. కానీ దీనికి మరో వైపు కూడా ఉంది. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్ మిల్లర్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో అడుగును వేర్వేరుగా చూడకుండా, ఒకే దూరాన్ని నడిచినప్పుడు, పరుగెత్తినప్పుడు మోకాలిపై పడే మొత్తం భారం ఎంతో వారు పోల్చి చూశారు. రెండూ దాదాపు సమానంగానే ఉన్నాయి.

పరుగులో ఒక్కో అడుగుకు పడే ఒత్తిడి ఎక్కువే అయినా, పాదం నేలపై ఉండే సమయం తక్కువ. అడుగుకూ అడుగుకూ మధ్య దూరమూ ఎక్కువ. కొంత ఎక్కువ, కొంత తక్కువ కలిసి లెక్క సరిపోతోందన్నమాట.

పరుగు మోకాళ్లను అరగదీస్తుందా?

మోకాలిని బండి చక్రంలా ఊహించుకోవడంతోనే చిక్కంతా వస్తోంది. చక్రం తిరిగేకొద్దీ అరుగుతుంది, మళ్లీ పెరగదు. మోకాలిలోని మృదులాస్థి, అంటే ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నని పొర, అలాంటిది కాదు. దానికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషకాలు అందాలి. అదిమినప్పుడు కొంత ద్రవం బయటికి పోయి, వదిలినప్పుడు తిరిగి లోపలికి వస్తుంది. నీళ్లలో ముంచిన స్పాంజిని నొక్కి వదిలినట్లన్నమాట. అందువల్ల మోస్తరు భారం ఆ పొరకు హాని కాదు, అవసరం.

2017లో వెలువడిన ఒక సమీక్ష అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాకి, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి ఉంది. పరుగెత్తని, కదలిక తక్కువగా ఉన్నవారిలో ఇది 10.2 శాతం. పోటీల స్థాయిలో పరుగెత్తేవారిలో మాత్రం 13.3 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. మోకాళ్లు నొప్పి పెట్టినవారు పరుగు మానేసి ఉంటారు కాబట్టి, పరుగెత్తేవారిలో మంచి మోకాళ్లున్నవారే మిగిలి ఉండే అవకాశం ఉంది. అందుకే 'పరుగు మోకాళ్లను కాపాడుతుంది' అని ఈ ఒక్క సమీక్షతో చెప్పలేం. మితంగా పరుగెత్తడం వల్ల మోకాళ్లు పాడవుతాయన్న మాటకు ఇది బలం ఇవ్వడం లేదని మాత్రం చెప్పవచ్చు.

మరి ఇప్పటికే అరుగుదల మొదలైనవారి సంగతి? 50 ఏళ్లు దాటి, మోకాలి అరుగుదల ఉన్నవారిని అమెరికాలో నాలుగేళ్లపాటు గమనించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. తమకు తోచినంత మేరకు పరుగెత్తినవారిలో నొప్పి గానీ, ఎక్స్‌రేలో కనిపించే అరుగుదల గానీ ఇతరులకన్నా ఎక్కువగా పెరగలేదు. ఇక్కడ 'తమకు తోచినంత' అన్న మాట ముఖ్యం. ఎవరో నిర్ణయించిన దూరాన్ని పళ్లబిగువున పూర్తిచేసినవారు కాదు వీరు.

మరి పరుగు మొదలుపెట్టినవారికి నొప్పి ఎందుకు వస్తుంది?

చాలా సందర్భాల్లో కారణం పరుగు కాదు, అది పెరిగిన వేగం. పదేళ్లుగా కుర్చీలో కూర్చుని పనిచేసిన వ్యక్తి ఒక సోమవారం ఉదయం లేచి మూడు కిలోమీటర్లు పరుగెత్తాడనుకుందాం. నిమిషానికి 160 అడుగుల చొప్పున 24 నిమిషాలు. అంటే 3,840 అడుగులు, ఒక్కో మోకాలికి 1,900కు పైగా దెబ్బలు. ముందురోజు వరకూ ఆ లెక్క సున్నా. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే ఈ మార్పుకు అలవాటు పడతాయి. స్నాయువులు, కీళ్లు, ఎముకలు అంత త్వరగా అలవాటు పడవు, వాటికి నెలలు పడుతుంది. 'ఆయాసం తగ్గింది కదా' అని రెండో వారంలో దూరం పెంచితే మోకాలు మొరాయించడం అందుకే.

నీళ్లలోకి దిగితే ఏం మారుతుంది?

నీరు శరీరాన్ని పైకి నెడుతుంది. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్లపై పడేది శరీర బరువులో దాదాపు సగమే. ఛాతీ లోతులో అది మూడో వంతుకు తగ్గుతుంది. మెడ వరకూ నీళ్లుంటే పదో వంతు. 72 కిలోల మనిషి మెడ లోతు నీళ్లలో నిలబడినప్పుడు మోకాళ్లు మోసేది ఏడెనిమిది కిలోలే. ఇక నీళ్లపై బోర్లా తేలుతూ ఈదేటప్పుడు కాళ్లకు నేల తగిలే పనే లేదు. పరుగులో మనం లెక్కపెట్టిన ఆ 1,900 దెబ్బలు ఇక్కడ పూర్తిగా మాయమవుతాయి.

దీని ప్రయోజనం నొప్పి ఉన్నవారిలోనూ కనిపించింది. టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కీళ్ల అరుగుదల ఉండి అప్పటివరకూ వ్యాయామం చేయని 48 మంది నడివయసువారు, వృద్ధులు పాల్గొన్నారు. కొందరు ఈత కొట్టారు, కొందరు నిలకడ సైకిల్ తొక్కారు. వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు, 12 వారాలు. రెండు బృందాల్లోనూ నొప్పి, బిగుతు తగ్గాయి. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈత రాకపోయినా, దగ్గర్లో స్విమ్మింగ్ పూల్ లేకపోయినా సైకిల్ ఉంటే చాలన్న ధైర్యాన్ని కూడా ఈ ఫలితం ఇస్తోంది.

కప్పలా కాళ్లాడించే ఈతతో జాగ్రత్త

ఈతలో మోకాలికి ఇబ్బంది తెచ్చేది ప్రధానంగా బ్రెస్ట్‌స్ట్రోక్. ఇందులో మోకాళ్లను వంచి, పాదాలను బయటికి తిప్పి, రెండు కాళ్లనూ గుండ్రంగా వెనక్కి తన్ని దగ్గరకు చేరుస్తారు. నీటిని వెనక్కి నెట్టే ఆ క్షణంలో మోకాలు ఒకేసారి చాచుకుంటూ, బయటివైపు మెలి తిరుగుతుంది. మోకాలు తలుపు బందులా ప్రధానంగా ముందుకీ వెనక్కీ కదిలే కీలు. మెలి తిప్పడాన్ని అది కొద్దిగానే భరిస్తుంది. ఆ మెలి భారమంతా మోకాలి లోపలివైపు ఉండే లిగమెంట్‌పై పడుతుంది. పోటీ ఈతగాళ్లలో ఈ నొప్పి ఎంత సాధారణమంటే, వైద్యులు దానికి బ్రెస్ట్‌స్ట్రోక్ పేరుతోనే ఒక పేరు పెట్టారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 25 మీటర్ల పూల్‌ను దాటడానికి కొత్తగా నేర్చుకున్నవారికి 15 నుంచి 20 తన్నులు పట్టవచ్చు. 20 సార్లు అటూ ఇటూ ఈదితే 300 నుంచి 400 తన్నులు. ప్రతి తన్నుకూ రెండు మోకాళ్లూ మెలి తిరుగుతాయి. నేల దెబ్బ లేకపోయినా భారం లేదని కాదు, భారం రకం మారింది. మోకాలి ముందుభాగంలో నొప్పి ఉన్నవారు దీన్ని తట్టుకోవచ్చు. కానీ లోపలివైపు నొప్పి ఉన్నవారికి, పాత లిగమెంట్ గాయం ఉన్నవారికి, మోకాలి మధ్యనున్న మెనిస్కస్ చిరిగినవారికి ఇది పరుగుకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు.

పెద్దవయసులో ఈత నేర్చుకునేవారు బ్రెస్ట్‌స్ట్రోక్‌నే ఇష్టపడటానికి కారణం ఉంది. తల నీళ్ల పైకి వస్తుంది, ఊపిరి తీసుకోవడం సులభం, ఎదురుగా ఏముందో కనిపిస్తుంది. చిన్నప్పుడు ఊళ్లో బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చుకున్నవారికీ తల పైకెత్తి ఈదడమే అలవాటు. తల పైకి లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. అప్పుడు శరీరాన్ని తేల్చడానికి మోకాళ్లను సైకిల్ తొక్కినట్లు ఎక్కువగా వంచి తన్నాల్సి వస్తుంది. శ్రమ పెరుగుతుంది, ముందుకు సాగేది తక్కువ.

మోకాళ్ల సమస్య ఉన్నవారికి ఫ్రీస్టైల్, వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్ మేలు. వీటిలో కాలు తుంటి నుంచి కదలాలి. మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. చీలమండ వదులుగా ఉండాలి. మోకాలి దగ్గరి నుంచి తన్నుతున్నారా లేదా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చేతులతో కిక్‌బోర్డ్ పట్టుకుని కాళ్లతో మాత్రమే ఈదండి. నీళ్లు బాగా చిమ్ముతూ, మనిషి మాత్రం ఉన్నచోటే ఉండిపోతే తన్ను మోకాలి నుంచి వస్తోందని అర్థం. అలాంటప్పుడు తొడల మధ్య పెట్టుకునే తేలే దిమ్మె, అంటే పుల్ బోయ్ వాడితే కాళ్లకు పూర్తి విశ్రాంతి ఇచ్చి చేతులతోనే ఈదవచ్చు.

మరో రెండు చోట్ల కూడా మోకాలికి దెబ్బ తగులుతుంది. గోడ దగ్గర తిరిగేటప్పుడు మోకాళ్లను పూర్తిగా మడిచి బలంగా నెట్టడం ఒకటి. బయటికి వచ్చేటప్పుడు ఒక మోకాలిని గట్టుపై ఆన్చి పైకి లేవడం రెండోది. గోడను మెల్లగా నెట్టాలి, బయటికి నిచ్చెన మీదుగానే రావాలి.

ఈత రానివారికి మొదటి రెండు నెలలు

ఈత గురించి చెప్పేవారు తరచూ వదిలేసే విషయం ఒకటుంది. కొత్తగా నేర్చుకునేవారికి మొదట్లో ఈత గుండె వ్యాయామంగా పనిచేయదు. 10 మీటర్లు వెళ్లేసరికి ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం వ్యాయామం వల్ల వచ్చినదానికన్నా ఊపిరి బిగబట్టడం వల్ల, భయం వల్ల వచ్చిందే ఎక్కువ. తర్వాత గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడతారు. గంటసేపు పూల్‌లో ఉన్నా, గుండె నిలకడగా పనిచేసిన సమయం పది నిమిషాలు కూడా ఉండదు.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. ఆ లెక్క నేర్చుకునే దశలో ఈతతోనే పూర్తికాదు. అందుకు సులభమైన మార్గం ఛాతీ లోతు నీళ్లలో వేగంగా నడవడం. నీటిలో వేగం రెండింతలైతే ఎదురయ్యే నిరోధం దాదాపు నాలుగింతలు అవుతుంది. కాబట్టి మోకాలిపై మూడో వంతు బరువుతోనే గుండెకు కావలసినంత పని దొరుకుతుంది. దీనికి ఈత రానవసరం లేదు. లైఫ్‌గార్డ్ ఉన్న పూల్‌లో, కాళ్లు అందే లోతులోనే ఇది చేయాలి.

నీళ్లలో శ్రమను కొలిచే పద్ధతి కూడా మారుతుంది. నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం గుండె వైపు ఎక్కువగా చేరడం వల్ల, అదే శ్రమకు గుండె వేగం నేలపైకన్నా నిమిషానికి సుమారు పది తక్కువగా ఉంటుంది. చేతి గడియారంలో పరుగు నాటి అంకె కనిపించాలని పట్టుబడితే అవసరానికి మించి శ్రమపడతారు. గోడ దగ్గర ఆగినప్పుడు ఒక వాక్యం మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే అది మోస్తరు వ్యాయామమే.

ఈత ఇవ్వలేనిది ఏమిటి?

మోకాలికి మేలు చేసే ఆ తేలికదనమే ఎముకల విషయంలో ఈతకున్న లోటు. ఎముక గట్టిపడాలంటే దానిపై బరువు పడాలి. పోటీల స్థాయిలో రోజూ గంటల తరబడి ఈదేవారి ఎముకల సాంద్రత కూడా క్రీడలాడని మామూలు మనుషుల స్థాయిలోనే ఉంటున్నట్లు అధ్యయనాలు చూపుతున్నాయి. పరుగెత్తేవారిలో, దూకే క్రీడలు ఆడేవారిలో అది ఎక్కువ. నెలసరి ఆగే వయసుకు దగ్గరవుతున్న మహిళలు ఈత ఒక్కదానితోనే సరిపెట్టుకోకూడదు. దానికి నడక, బరువులతో చేసే కండరాల వ్యాయామం తోడవ్వాలి.

మోకాలికి కూడా ఆ కండరాల వ్యాయామమే రక్షణ. తొడ, పిరుదు కండరాలు బలంగా ఉంటే దిగే భారాన్ని అవి కొంత పంచుకుంటాయి.

ఒక ఉదాహరణ: 12 వారాల్లో ఎలా మొదలుపెట్టవచ్చు?

హైదరాబాద్‌లో ఒక కార్యాలయంలో పనిచేసే 45 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. బరువు 72 కిలోలు. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. వాపు లేదు, మోకాలు మెలిపడిన చరిత్ర లేదు. వైద్యుడు పరీక్షించి వ్యాయామం చేయవచ్చని చెప్పారు. ఆమెకు ఈత రాదు. ఆరు నెలల కిందట పరుగు మొదలుపెట్టి, పది రోజులకే నొప్పితో మానేశారు.

మొదటి నాలుగు వారాలు ఆమె వారానికి మూడు రోజులు పూల్‌కు వెళ్తారు. ఒక్కోసారి 20 నిమిషాలు ఛాతీ లోతు నీళ్లలో నడక, తర్వాత 20 నిమిషాలు శిక్షకుడి దగ్గర ఫ్రీస్టైల్ పాఠం. బ్రెస్ట్‌స్ట్రోక్ తర్వాత చూద్దామని మొదటి రోజే శిక్షకుడికి చెబుతారు. మరో రెండు రోజులు సమతలంగా ఉన్న చోట అరగంట నడక. వారానికి రెండుసార్లు ఇంట్లో కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా మెల్లగా లేచి కూర్చోవడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, పది చొప్పున మూడు దఫాలు.

అయిదు నుంచి ఎనిమిది వారాల మధ్య పూల్‌లో నడక తగ్గి ఈత పెరుగుతుంది. 25 మీటర్లు ఈది, ఊపిరి కుదుటపడేవరకూ ఆగి, మళ్లీ 25 మీటర్లు. ఎనిమిదితో మొదలుపెట్టి పదహారు దాకా. మోకాలి ముందుభాగం నొప్పిగా అనిపించిన రోజు పుల్ బోయ్ పెట్టుకుంటారు.

తొమ్మిదో వారంలో పరుగు మళ్లీ వస్తుంది, చాలా చిన్న మోతాదులో. రెండు రోజులు పూల్, మధ్యలో ఒకరోజు విరామంతో రెండు రోజులు పరుగు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఆరుసార్లు. పరుగెత్తింది మొత్తం ఆరు నిమిషాలే. ఒక్కో మోకాలికి 480 దెబ్బలు. మొదటిసారి ఆమె తొలిరోజే పెట్టిన 1,900తో పోలిస్తే ఇది నాలుగో వంతు. వారం గడిచి మోకాలు ఒప్పుకుంటేనే పరుగు మరో రెండు నిమిషాలు పెరుగుతుంది.

అడుగుల వేగం కూడా మార్చుకుంటారు. మొదట తనకు అలవాటైన పరుగులో కుడిపాదం 30 సెకన్లలో ఎన్నిసార్లు నేలను తాకుతుందో లెక్కపెడతారు. 38 వచ్చిందనుకుందాం. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి 152 అడుగులు. దానికి అయిదు శాతం కలిపితే 160. పరుగు వేగం పెంచకుండా అడుగు పొడవు తగ్గించి ఈ సంఖ్యను అందుకోవాలి. అప్పుడు పాదం శరీరానికి మరీ ముందు కాకుండా దాదాపు కిందనే పడుతుంది, మోకాలు తక్కువగా వంగుతుంది. అడుగుల సంఖ్యను పది శాతం పెంచితే మోకాలి చిప్ప వెనుక పడే అత్యధిక ఒత్తిడి దాదాపు 14 శాతం తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో గుర్తించారు.

నేల ఎంపికలో ఆమెకు పెద్ద రహస్యాలేమీ అవసరం లేదు. పార్కుల్లోని మట్టిబాట, సమతలమైన ట్రాక్ చాలు. ఒకవైపుకు వాలుగా ఉండే రోడ్డు అంచున రోజూ ఒకే దిశలో పరుగెత్తకూడదు. ఫ్లైఓవర్ల వంటి దిగుడు దారులు మోకాలి చిప్పకు మెట్లు దిగడంతో సమానం. విశాఖ వంటి తీర నగరాల్లో ఉండేవారు పొడి ఇసుక మెత్తగా ఉంటుందని అక్కడ పరుగెత్తాలనుకుంటారు. అది దెబ్బను తగ్గించినా, పాదం కూరుకుపోయి చీలమండ, మోకాలు పక్కకు ఒరిగే అవకాశం పెరుగుతుంది.

నొప్పి వస్తే ఆపాలా, కొనసాగించాలా?

ఏ నొప్పీ ఉండకూడదనుకుంటే చాలామంది అసలు మొదలే పెట్టలేరు. ఫిజియోథెరపీలో వాడే కొలత ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. నొప్పి లేకపోవడం సున్నా, భరించలేని నొప్పి పది అనుకోండి. వ్యాయామం చేస్తున్నప్పుడు రెండు వరకూ ఉంటే ఫరవాలేదు. మూడు నుంచి అయిదు వరకూ ఉంటే ఆ రోజు పెంచకూడదు. అయిదు దాటితే ఆపాలి.

అసలు తీర్పు మాత్రం మర్నాడు ఉదయం వస్తుంది. మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో, ఆ రోజు దిగే మొదటి మెట్లలో నొప్పి ఎప్పటిలాగే ఉంటే ముందురోజు మోతాదు సరిపోయింది. పెరిగి ఉంటే తర్వాతిసారి మూడో వంతు తగ్గించాలి. వ్యాయామాన్ని నిందించే ముందు ఆ రోజు ఇంకేం చేశారో కూడా గుర్తు చేసుకోవాలి. ఇంట్లో శుభకార్యానికి రెండు గంటలు నేలపై కూర్చుని లేచినా, లిఫ్ట్ పనిచేయక నాలుగంతస్తులు దిగినా మోకాలికి అది కూడా భారమే.

నొప్పి ఎక్కడుందో కూడా గమనించాలి. పూల్ నుంచి వచ్చాక మోకాలి లోపలివైపు వేలితో నొక్కితే నొప్పిగా ఉంటే బ్రెస్ట్‌స్ట్రోక్ తన్నును అనుమానించాలి. పరుగులో నాలుగైదు నిమిషాల తర్వాత బయటివైపు మంటలా మొదలై, దిగుడులో పెరిగితే తుంటి నుంచి మోకాలి వరకూ సాగే పట్టీ లాంటి కణజాలం కారణం కావచ్చు. చిప్ప చుట్టూ ఉంటే అడుగు పొడవు, మెట్లు, కూర్చునే సమయం చూడాలి.

కొన్ని లక్షణాలకు మాత్రం ఈ కొలతలేవీ వర్తించవు. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయి చాచలేకపోయినా, నడుస్తుండగా ఉన్నట్టుండి జారిపోయినట్లనిపించినా, ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా వ్యాయామం ఆపి ఎముకల వైద్యుడిని సంప్రదించాలి. పిక్కలో వాపు, నొప్పి కలిసి వస్తే ఆలస్యం చేయకూడదు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు నీళ్లలోకి దిగే ముందు కూడా వైద్యుడిని అడగాలి.

చివరికి ఏది ఎంచుకోవాలి?

నొప్పి ప్రస్తుతం ఎక్కువగా ఉంటే, శరీర బరువు బాగా ఎక్కువగా ఉంటే, అరుగుదల మధ్య దశ దాటి ఉంటే నీళ్లతో మొదలుపెట్టడమే మేలు. బరువు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోదగ్గది. కిలో బరువు తగ్గితే నడకలో ఒక్కో అడుగుకు మోకాలిపై పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని, అధిక బరువుతోపాటు మోకాలి అరుగుదల ఉన్నవారిపై చేసిన అధ్యయనం 2005లో చూపింది. పూల్‌లో గడిపిన నెలలు ఆ విధంగా తర్వాత నేలపై వేసే అడుగులకూ పనికొస్తాయి.

నొప్పి స్వల్పంగా ఉండి, మెట్ల దగ్గర తప్ప ఇబ్బంది లేకపోతే పరుగును పూర్తిగా వదులుకోవాల్సిన పని లేదు. చిన్న అడుగులతో, నడకతో కలిపి, వారానికి రెండు మూడు రోజులకు మించకుండా మొదలుపెట్టవచ్చు. లోపలివైపు నొప్పి ఉన్నవారు ఈతకు వెళ్తే ఫ్రీస్టైల్ నేర్చుకోవాలి.

పూల్ దూరంగా ఉండి నెలకు నాలుగుసార్లే వెళ్లగలిగేవారికి ఈత ఎంత మంచిదైనా అది అలవాటు కాదు. చాలా పూల్స్ వానాకాలంలో, చలికాలంలో మూతపడతాయి కూడా. ఆ నెలల్లో సైకిల్, చదునైన దారిలో వేగంగా నడక ఆ ఖాళీని పూరిస్తాయి. పూల్ మళ్లీ తెరిచాక మొదటి వారం పాత దూరంలో సగంతోనే మొదలుపెట్టాలి. మోకాలికే కాదు, ఈసారి భుజాలకూ అదే నియమం.